లీజు మధ్యలో ఖాళీ చేస్తానంటున్న టెనెంట్: టెక్సాస్‌లో ఓనర్ ఏం చేయాలి?

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్రాస్పర్, సెలైనా వైపు కొత్త ఇల్లు కట్టించుకుని, పాతదాన్ని అద్దెకిచ్చిన మనవాళ్లు చాలామంది ఉన్నారు. అద్దె సజావుగా వస్తున్నన్నాళ్లు లీజు కాగితం ఎవరూ తెరిచి చూడరు. ఒకరోజు టెనెంట్ ఫోన్ చేసి, "అన్నా, సియాటిల్‌లో జాబ్ వచ్చింది, వచ్చే నెలాఖరుకి ఖాళీ చేస్తాను" అంటాడు. లీజేమో ఇంకా ఆరు నెలలుంటుంది. అప్పటినుంచి ఇద్దరికీ టెన్షనే. ఇక్కడ రాస్తున్నదంతా టెక్సాస్ గురించి. మిగతా రాష్ట్రాల్లో గడువులు, జరిమానాలు వేరుగా ఉంటాయి.

ముందు నోటీసు సంగతి. హైదరాబాద్‌లో అలవాటేమిటంటే, నెలో రెండు నెలలో ముందు చెబితే చాలు, లెక్క తీరిపోయినట్టే. టెక్సాస్‌లో ఫలానా తేదీ వరకు అని రాసుకున్న లీజుకి అలా కుదరదు. టెనెంట్ 60 రోజుల ముందు నోటీసిచ్చినా, లీజులో అతనికి ముందే వెళ్లిపోయే హక్కు రాసి ఉంటే తప్ప, ఆ నోటీసుతో లీజు ముగిసిపోదు. తాను వెళ్లిపోతున్నానని మీకు తెలియజేసినట్టు మాత్రమే లెక్క. లీజుల్లో కనిపించే 30 రోజుల, 60 రోజుల నోటీసు మామూలుగా లీజు చివర్లో ఖాళీ చేసేటప్పటి సంగతి. నోటీసు ఇవ్వలేదు కాబట్టి డిపాజిట్ తిరిగివ్వనని మీరు అనాలన్నా, ఆ షరతు లీజులో కింద గీత గీసో, కొట్టొచ్చినట్టు బోల్డ్ అక్షరాల్లోనో ఉండాలి. మామూలు అక్షరాల్లో ఎక్కడో మూల ఉంటే చెల్లదు.

కొందరికి చట్టమే మినహాయింపు ఇస్తుంది. మిలిటరీ ఆర్డర్లు వచ్చినవాళ్లు, గృహహింస బాధితులు లాంటివాళ్లు తగిన కాగితాలు చూపించి, చట్టం చెప్పిన పద్ధతిలో లీజు నుంచి బయటపడవచ్చు. ఉద్యోగం పోవడం ఆ జాబితాలో లేదు. అయితే హెచ్‌-1బి మీద ఉన్నవాడి ఉద్యోగం పోతే, ఇంకో స్పాన్సర్ని వెతుక్కోవడానికి మహా అయితే 60 రోజుల గడువుంటుంది. ఆ స్థితిలో ఉన్న మనిషి దగ్గర మిగిలిన అద్దె మొత్తం రాబట్టాలనుకోవడం కాగితం మీద బాగానే ఉంటుంది, చేతికి మాత్రం రాదు.

ఆ మాటకొస్తే కాగితం మీద కూడా అది పూర్తిగా మీది కాదు. ఓనర్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. "లీజు మార్చి దాకా ఉంది, మార్చి దాకా కట్టాల్సిందే" అని ఇల్లు తాళం వేసి కూర్చుంటే కుదరదు. టెక్సాస్ ప్రాపర్టీ కోడ్ 91.006 ప్రకారం, టెనెంట్ లీజు ఉల్లంఘించి వెళ్లిపోయినా, నష్టం తగ్గించుకోవాల్సిన బాధ్యత ఓనర్‌దే. అంటే మళ్లీ అద్దెకివ్వడానికి నిజాయితీగా ప్రయత్నించాలి. ఆ బాధ్యత నాకు లేదని లీజులో రాయించుకున్నా ఆ వాక్యం చెల్లదు. మీరు ప్రయత్నం చేసినా ఇల్లు ఖాళీగా ఉన్న రోజులకు పాత టెనెంట్ బాకీ. కొత్తవాళ్లు దిగిన రోజు నుంచి అద్దె వాళ్లది. ఒకే రోజుకి పూర్తి అద్దె ఇద్దరి దగ్గరా తీసుకోవడానికి లేదు.

అలాగని పాత టెనెంట్ తీసుకొచ్చిన ప్రతి ఫ్రెండ్‌కీ ఇల్లివ్వనక్కర్లేదు. ఆదాయం, క్రెడిట్, పాత అద్దె చరిత్ర చూసి, మీరు అందరికీ పెట్టే కొలతకే సరిపోతే ఇవ్వండి, లేకపోతే వద్దు. ఆ కొలతలు కాగితం మీద ఉండాలి, అప్లికేషన్‌తో పాటే అందరికీ ఇవ్వాలి. ఇంకో మాట. మన వాట్సాప్ గ్రూపుల్లో "తెలుగు ఫ్యామిలీకి మాత్రమే" అని అద్దె ప్రకటనలు పెడుతుంటారు. ఫెడరల్ ఫెయిర్ హౌసింగ్ చట్టం కింద అది నేరుగా ఇరుక్కునే మాట. అది పెట్టినవాళ్లకి చెడు ఉద్దేశం లేకపోవచ్చు. కానీ ప్రకటన రాతలోనే ఉంటుంది, స్క్రీన్‌షాట్ ఎవరైనా తీసి పెట్టుకోవచ్చు.

టెనెంట్ ఫోన్ పెట్టేసిన రోజే చేయాల్సిన పని ఒకటుంది. ఏ తేదీన ఖాళీ చేస్తాడు, ఆ లోపు ఇల్లు చూపించడానికి ఒప్పుకుంటాడా, కొత్త అడ్రస్ ఏమిటి అన్నవి ఈమెయిల్‌లో రాసి పంపమనండి. ఫోన్‌లో "సరేలే తమ్ముడూ, చూద్దాం" అనేసి తాళాలు తీసుకుంటే, ఓనర్ లీజు రద్దుకి ఒప్పేసుకున్నాడని రేపు అతను వాదించవచ్చు. తాళాలు తీసుకోవడం తప్పు కాదు. "ఇల్లు స్వాధీనం చేసుకుంటున్నాను, లీజు ప్రకారం రావాల్సిన బాకీలు అలాగే ఉన్నాయి" అని ఒక్క ముక్క రాసి తీసుకోండి. లిస్టింగ్ కూడా అతను ఉండగానే పెట్టడం మేలు. ఆగస్టులో స్కూళ్లు తెరిచాక ఈ ప్రాంతంలో అద్దె ఇళ్లకు గిరాకీ మందగిస్తుంది, నవంబర్ దాటితే ఇంకా చల్లబడుతుంది. ఒక్కో వారం ఆలస్యానికీ ఖర్చుంది. లిస్టింగ్ పెట్టిన తేదీ, ఎవరెవరు చూశారు, ఎవరిని ఎందుకు కాదన్నారు అన్నది ఒక ఫైల్లో ఉంచుకోండి. మీరు ప్రయత్నించలేదని అతనంటే మీ దగ్గరున్న జవాబు అదే.

రీలెటింగ్ ఫీజు గురించి కూడా అపోహలున్నాయి. అపార్ట్‌మెంట్ లీజుల్లో ఇది ఒక నెల అద్దెలో 85 శాతం అని తరచూ కనబడుతుంది. దాన్ని కట్టేస్తే లీజు నుంచి విముక్తి అని టెనెంట్లు అనుకుంటారు. మామూలుగా అది మళ్లీ అద్దెకివ్వడానికి అయ్యే ఖర్చు కింద తీసుకునేది మాత్రమే, మిగిలిన అద్దె బాకీ అలాగే ఉంటుంది. విముక్తినిచ్చేది వేరు, దాన్ని బైఅవుట్ అంటారు. ఇంత కట్టి ఇంత ముందు చెబితే లీజు ముగిసిపోతుందని విడిగా రాసి ఉంటుంది. మీ లీజులో ఏది ఉందో చూడండి. ఏదీ లేకపోతే, నిజంగా అయిన ఖర్చును రసీదులతో చూపించాలి.

ఇప్పుడు ఒక లెక్క. అద్దె 2,800 డాలర్లు, డిపాజిట్ కూడా అంతే, లీజు మార్చి 31 దాకా అనుకుందాం. సెప్టెంబర్ మొదట్లో చెప్పి టెనెంట్ అక్టోబర్ 31న ఖాళీ చేశాడు, అప్పటిదాకా అద్దె కట్టాడు. ఓనర్ మనసులో లెక్క నవంబర్ నుంచి మార్చి దాకా ఐదు నెలలు, 14,000 డాలర్లు. కానీ సెప్టెంబర్‌లోనే లిస్టింగ్ పెట్టడంతో నవంబర్ 7న కొత్త కుటుంబం దిగింది. గిరాకీ తక్కువగా ఉండటంతో 2,700కే ఇవ్వాల్సి వచ్చింది.

అప్పుడు పాత టెనెంట్ బాకీ ఎంత? ఆరు రోజులు ఇల్లు ఖాళీ, దానికి 560 డాలర్లు. అద్దెలో నెలకు 100 తేడా, నవంబర్ 7 నుంచి మార్చి 31 వరకు 480. కొత్త లీజు ఆ తర్వాత కూడా నడుస్తుంది గానీ తేడా లెక్క పాత లీజు చివరి రోజుతో ఆగిపోతుంది. లిస్టింగ్‌కి 350, కొత్తవాళ్ల ఏజెంట్‌కి కమిషన్ 1,080, వెరసి 1,430. బాత్రూమ్ తలుపుకి పడిన రంధ్రం బాగుచేయడానికి 120. మొత్తం 2,590. డిపాజిట్‌లోంచి అది పోగా 210 డాలర్లు తిరిగి ఇవ్వాలి. కమిషన్ దగ్గర మాత్రం పేచీ రావచ్చు. "నేను మార్చిలో వెళ్లినా ఆ ఖర్చు నీకు ఉండేదేగా" అని అతనంటే ఆ మాటలో కొంత న్యాయముంది. అందుకే ఈ ఫీజు లీజులో ముందే రాసుకోవడం మంచిది.

ఈ లెక్కలో లేనివి గమనించండి. ఏళ్ల తరబడి నడిచి వెలిసిపోయిన కార్పెట్, మాసిన గోడల రంగు వాడకంలో మామూలుగా అరిగేవి, వాటికి పైసా పట్టుకోకూడదు. కొత్తవాళ్లు దిగిన ఏడు రోజుల్లోపు తాళాలు రీకీ చేయించాలి, అది ఓనర్ ఖర్చే. టెనెంట్ లీజు ఉల్లంఘించి వెళ్లినప్పుడు ఆ ఖర్చు పట్టుకోవాలంటే, అలా పట్టుకోవచ్చని లీజులో బోల్డ్‌గానో గీత గీసో రాసి ఉండాలి.

గడువు దగ్గర మాత్రం అజాగ్రత్త వద్దు. ఇల్లు అప్పగించిన 30 రోజుల్లోపు మిగిలిన డిపాజిట్, దానితో ఏది ఎందుకు పట్టుకున్నారో పద్దుల వారీగా కాగితం పంపాలి. మన లెక్కలో అది నవంబర్ 30. టెనెంట్ కొత్త అడ్రస్ రాతపూర్వకంగా ఇచ్చేదాకా పంపాల్సిన బాధ్యత మొదలవదు. ఇవ్వనంత మాత్రాన అతని డబ్బు మీదైపోదు. గడువు దాటితే మీరు దురుద్దేశంతో ఆపారని కోర్టు ముందుగానే అనుకుంటుంది, కాదని నిరూపించుకోవాల్సింది మీరు. నిరూపించలేకపోతే 100 డాలర్లు, అన్యాయంగా ఆపిన మొత్తానికి మూడు రెట్లు, పైగా అతని లాయర్ ఫీజు. ముప్పయ్యో రోజుకి కూడా ఇల్లు ఖాళీగానే ఉంటే, అప్పటివరకు పేరుకున్న అద్దె, ఖర్చులు రాసి కాగితం పంపించేయండి. కొత్తవాళ్లు దొరికాక లెక్క చూద్దామని ఆగొద్దు.

టెనెంట్ వైపు నుంచి వచ్చే మన ఊరి అలవాటు ఇంకోటుంది. "ఆఖరి నెల అద్దె అడ్వాన్సులో సర్దుకోండి అన్నా" అంటారు. టెక్సాస్‌లో డిపాజిట్‌ని సాకుగా చూపి చివరి నెల అద్దె ఆపకూడదు. దురుద్దేశంతో ఆపితే ఆపిన అద్దెకు మూడు రెట్లు అతని మీదే పడవచ్చు. ఆ సంగతి బెదిరింపులా కాకుండా మామూలుగా చెప్పండి, చాలామందికి తెలియదు.

బాకీ డిపాజిట్‌ని మించిపోతే జస్టిస్ కోర్టుకి వెళ్లవచ్చు, అక్కడ 20,000 డాలర్ల వరకు దావాలు వింటారు. ఐదారు వందల కోసం వేరే రాష్ట్రానికి వెళ్లిపోయిన మనిషి వెంటపడటం మాత్రం నేనైతే చేయను. అలాంటి చోట ముందే కూర్చుని, ఒక నెల అద్దెకి సమానంగా ఏదో ఒక మొత్తానికి ఒప్పుకుని, ఆ తేదీతో లీజు ముగిసిందనీ, డిపాజిట్ ఇలా సర్దుబాటైందనీ, ఇక ఎవరికీ ఎవరి మీదా బాకీల్లేవనీ పేజీ కాగితం రాసి, లీజులో పేరున్న పెద్దవాళ్లందరితో సంతకాలు పెట్టించుకోండి. భర్త ఒక్కడి సంతకంతో ఊరుకోకండి, లీజులో భార్య పేరుంటే ఆవిడ సంతకమూ కావాలి. పట్టుకున్న డిపాజిట్, లీజు రద్దుకి తీసుకున్న డబ్బు ఆ ఏడాది మీ అద్దె ఆదాయం కిందకే వస్తాయి. ట్యాక్స్ రిటర్న్‌లో షెడ్యూల్ E నింపేటప్పుడు వాటిని కలపండి, రిపేరు ఖర్చులు, కమిషన్ పక్కన చూపించుకోండి.