ముక్కు, మీసం, గడ్డం అన్నీ త్రికోణాలే, అయినా విలన్‌ను చూసి నవ్వుతున్నారు

ప్రశ్న: అన్నా, పిల్లల కథకు బొమ్మలు గీస్తున్న. విలన్‌కు ముక్కు, మీసం, గడ్డం అన్నీ త్రికోణాలే పెట్టిన. అయినా చూసినోళ్లంతా నవ్వుతున్నరు. మొండి తాతను చదరంగా గీస్తే రోబో లెక్క వచ్చిండు. ఎక్కడ తప్పు చేస్తున్న?

జవాబు:

తమ్ముడూ, నీ విలన్‌కు బొజ్జ ఉంది కదా? బొమ్మ చూడకుండానే అడుగుతున్నా. ఎందుకంటే ఐదేళ్ల కింద హన్మకొండలో కూర్చుని నేనూ అచ్చం అలాంటివాడినే గీశాను.

అది ఒక చిన్న యానిమేషన్ కథ. ఊళ్లో వడ్డీ వ్యాపారి, అతనికి భయపడని ఒక మొండి తాత, టీ కొట్టు నడిపే ఒక అవ్వ. గుండ్రం అంటే మంచితనం, చదరం అంటే మొండితనం, త్రికోణం అంటే ప్రమాదం అని చదువుకున్న పాఠాన్ని అలాగే దించాను. వ్యాపారికి పెద్ద బొజ్జ, గుండ్రటి తల, వాటి మీద సూదిలాంటి ముక్కు, మొన తేలిన మీసాలు, మేకగడ్డం. మా అక్క కూతురికి అప్పుడు ఏడేళ్లు. చూడగానే "మామా, గీన జోకర్ లెక్కున్నడు" అని నవ్వింది. పని ఇచ్చినవాళ్లు కూడా అదే మాటను మర్యాదగా చెప్పి బొమ్మ తిప్పి పంపారు.

అప్పుడు చేసిన మొదటి పని ఏంటంటే, బొమ్మ మొత్తాన్ని నల్లరంగుతో నింపేసి, ఫోన్ తెర మీద ఒక సెంటీమీటరు ఎత్తుకు కుదించాను. మీసం పోయింది, గడ్డం మెడలో కలిసిపోయింది, ముక్కు చిన్న గింజలా మిగిలింది. కనిపించింది లడ్డూ మీద లడ్డూ పెట్టినట్టు రెండు గుండ్రాలే. చూసేవాడి కన్ను ముందు పట్టేది ఆ నీడనే. ముఖంలోని వివరాలు ఆ తర్వాతే చేరతాయి. నీడ "వీడు మెత్తనివాడు" అని చెప్పేశాక ముఖం మీద మొనలు కనిపిస్తే, మెత్తనివాడు పులి వేషం కట్టినట్టు ఉంటుంది. అందుకే నవ్వొస్తుంది. నిజానికి కామెడీ విలన్ కావాలంటే ఇదే సరైన కొలత. నీకు కావాల్సింది అది కాదు కాబట్టి త్రికోణాన్ని ముఖం మీంచి తీసి ఒంట్లో పెట్టాలి.

రెండోసారి నేను ఇంకో తప్పు చేశాను. భుజాలకు మొనలు, మోచేతులకు మొనలు, చెప్పులకు మొనలు, జుట్టుకూ మొనలు పెట్టాను. ముళ్లపందిలా తయారయ్యాడు. అన్ని మొనలు అన్ని దిక్కులకూ ఉంటే ఏదీ ఎవరినీ పొడవదు. మూడోసారి మూడు త్రికోణాలే ఉంచి మిగతావన్నీ సాదా గీతలు చేశాను. ఒకటి ఒళ్లు: భుజాల దగ్గర మూడు పాళ్ల వెడల్పు, పాదాల దగ్గర ఒక పాలు. రెండోది తల: దాన్ని చిన్నది చేసి, మెడను ముందుకు వంచి, నుదురు నుంచి గడ్డం దాకా ఎదుటివాడి వైపు పొడుచుకొచ్చే చీలలా గీశాను. మూడోది చేతిలో మడిచిన గొడుగు, దాని మొన ఎప్పుడూ ఎవరో ఒకరి వైపే ఉంటుంది. మీసం మామూలుదే. బొజ్జ తీసేశాను, పాపం.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. త్రికోణమే భయం అనుకుంటే మన బతుకమ్మను చూసి పిల్లలు పారిపోవాలి. అది కూడా త్రికోణమే కదా. తాంబాలంలో కింద వెడల్పుగా మొదలై, తంగేడు, గునుగు వరసలతో పైకి సన్నబడుతూ పోతుంది. కానీ దాని బరువంతా కింద ఉంది, అంచులు పూలవి, కొస మీద పసుపు గౌరమ్మ ఉంటుంది. చూస్తే నిలకడగా, నిండుగా అనిపిస్తుంది. అదే ఆకారాన్ని తలకిందులు చేయి, బరువంతా పైకెళ్లి కింద మొన మీద నిలబడుతుంది. ఎప్పుడు మీద పడుతుందో అనిపిస్తుంది. మొన కిందికి ఉన్న ఆకారాలు, పైకి ఉన్నవాటి కంటే త్వరగా కంట్లో పడతాయని 2007లో అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రయోగం చేసి చూపించారు. కోపంతో ముడిపడ్డ కనుబొమలు కూడా ఆ ఆకారంలోకే వస్తాయి కదా. కాబట్టి త్రికోణం పెట్టానా లేదా అని చూసుకోకు. మొన ఎటు ఉంది, ఎంత సన్నగా ఉంది, బరువు ఎక్కడ ఉంది అన్నది చూసుకో.

ఇక నీ తాత సంగతి. రోబో అయ్యాడంటే తల, ఒళ్లు, చేతులు, వేళ్లు అన్నీ స్కేలు పెట్టి గీసినట్టున్నావు. మనిషి ఒంట్లో రెండు వైపులా నిటారు గీతలు ఎదురెదురుగా ఉంటే అది డబ్బా అయిపోతుంది. ఒక వైపు గీత నిటారుగా ఉంటే దానికి ఎదురు గీత కాస్త వంపు తిరగాలి. చెయ్యి గీసేటప్పుడు పై అంచు నేరుగా లాగి, కింది అంచులో కండ వంపు చూపించు. చదరం అన్నది భుజాలు, నడుము, నిలబడే తీరు, ఈ మూడింటిలో ఉంటే చాలు.

నిలబడే తీరుకు నేను కోటకు పోయి కాకతీయ తోరణం ముందు కూర్చుని గీసుకున్నాను. రెండు స్తంభాలు, పైన అడ్డంగా దూలం. తాత భుజాలు ఆ దూలంలా నేలకు సమాంతరంగా ఉండాలి, కాళ్లు స్తంభాల్లా ఎడంగా ఉండాలి. మెడ దాదాపు లేనట్టే, తల నేరుగా భుజాల మీద దిగిపోయినట్టు ఉంటుంది. మనకు కలిసొచ్చేది ధోతి. రెండు కాళ్ల మధ్య ఖాళీని అది నింపేస్తుంది కాబట్టి నీడలో కింది సగం మొత్తం ఒకే దిమ్మలా కనిపిస్తుంది. ఎవరు నెట్టినా కదలడు అనిపిస్తుంది.

తలపాగా దగ్గర నాకు చిక్కొచ్చింది. మామూలుగా చుడితే గుండ్రంగా వస్తుంది, తాత మెత్తబడిపోయాడు. చుట్లు తగ్గించి, పైభాగం బల్లపరుపుగా, పక్కలకు వెడల్పుగా చేస్తే కుదిరింది. అంతకంటే పెద్ద దెబ్బ గొంగడి దగ్గర తగిలింది. వాన సీనులో తాత గొంగడిని తల మీదుగా కప్పుకుంటాడు, మన దగ్గర గొర్ల కాపరులు కప్పుకున్నట్టే. గీసి మురిసిపోయాను. నల్లగా నింపి చూస్తే పైన మొన తేలిన పొడవాటి త్రికోణం! మా కోడలు పిల్ల "దయ్యం" అంది. ఆ ఒక్క గుడ్డతో తాత విలన్ వైపు వెళ్లిపోయాడు. గొంగడి తీసేయడానికి మనసొప్పలేదు, అది లేకపోతే ఆ తాత మన తాత కాడు. చివరికి దాన్ని నాలుగు మడతలు వేసి భుజం మీద పలకలా పెట్టాను. అదే గొంగడి, ఇప్పుడు చదరం. వాన సీనులో మాత్రం అతన్ని చెట్టు కింద నిలబెట్టి తప్పించుకున్నాను.

మొండివాడు అంటే చెడ్డవాడు కాదు కాబట్టి తాతలో ఎక్కడో ఒక గుండ్రం ఉండాలి. 'అప్' సినిమా (2009) చూసే ఉంటావు. అందులో కార్ల్ తాత తల, కళ్లద్దాలు, కూర్చునే కుర్చీ అన్నీ చదరాలే, కానీ ముక్కు మాత్రం పెద్ద గుండ్రటి ఉండ. భార్య ఎల్లీ వైపు గుండ్రాలు ఉంటాయి. ఆ ముక్కు వల్లే ఆయన ఎంత గొణిగినా మనకు కోపం రాదు. నా తాతకు నేను పాదాలు గుండ్రంగా పెట్టాను, తలపాగా మూలలు కొంచెం అరగదీశాను. మూల ఎంత పదునుగా ఉంటే మొండితనం అంత కఠినంగా కనిపిస్తుంది. మనవరాలితో ఉన్న సీన్లలో కూర్చోబెడితే వీపు వంపు తిరిగి చదరం తనంతట తానే మెత్తబడింది. దానికోసం కొత్త బొమ్మ గీయనక్కర్లేదు.

టీ కొట్టు అవ్వతో పెద్దగా కష్టపడలేదు. గుండ్రంగా గీస్తే బెలూన్‌లా గాలిలో తేలుతున్నట్టు అనిపించింది. పిండి ముద్దను పీట మీద పెట్టినట్టు అడుగు కాస్త అణచాను, బరువు వచ్చింది.

గీశాక పరీక్ష ఎలా చేయాలో కూడా చెప్తా. స్నేహితులకు చూపించి "ఎట్లుంది?" అని అడగకు, "మస్తుంది" అంటారు, అంతే. ముగ్గురినీ నల్లగా నింపి, ఒకే ఎత్తులో పక్కపక్కన పెట్టి, కథ తెలియని పిల్లలకు చూపించు. నేను మూడు ప్రశ్నలు అడిగాను. ఆకలైతే ఎవరి దగ్గరికి పోతవ్? బాల్ ఎవరింట్ల పడితే తెచ్చుకోనీకి పోవు? నువ్వు ఎంత బతిమిలాడినా ఎవరు ఒప్పుకోరు? మా వీధిలో ఆరుగురు పిల్లల్ని అడిగితే అవ్వ విషయంలో ఆరుగురూ ఒకటే చెప్పారు. బాల్ ప్రశ్నకు ఐదుగురు వ్యాపారిని చూపించారు, ఒక్కడు తాతను చూపించాడు. ఎందుకురా అంటే "కట్టె ఉంది కదా" అన్నాడు. తాత చేతికర్రను నేను ఏటవాలుగా, కొస బయటికి వచ్చేలా గీశాను. నిటారుగా ఒంటికి ఆనించి పెట్టాక ఆ గందరగోళం పోయింది.

ఇందులో ఒక ఇబ్బంది ఉంది, అది మీదపడేదాకా నాకు తెలియలేదు. ఎదురుగా చూస్తే వ్యాపారి ఒళ్లు అద్భుతమైన తలకిందుల త్రికోణం. పక్క నుంచి చూస్తే భుజాల వెడల్పు కనిపించదు కదా, సన్నటి వెదురుబొంగు నడిచినట్టు ఉంది. కథలో సగం సీన్లలో అతను పక్క నుంచే నడుస్తాడు. యానిమేషన్ చేసే అతను ఫోన్ చేసి "అన్నా, వీణ్ని చూస్తే జాలేస్తుంది" అన్నాడు. పక్క బొమ్మలో ఛాతీని ముందుకు తోసి, వీపును ఏటవాలుగా, మడమల వైపు సన్నబడేలా మళ్లీ గీయాల్సి వచ్చింది. కండువా వెనక కొసను కూడా మొనలా వేలాడదీశాను. అప్పటికే తయారైన నడక అంతా పారేశాం, తొమ్మిది రోజుల పని. నువ్వు మాత్రం ముఖం గీయకముందే ఎదురు, పక్క, ముప్పావు, మూడు కోణాల్లో నల్ల నీడలు వేసుకో. నీ విలన్, తాత ఇద్దరి నీడలూ ఇక్కడ పెడితే ఆదివారం చూసి చెప్తా. ముఖాలు పెట్టకు, నీడలే పెట్టు.