అప్పు తీరినా రికార్డులో బకాయి

ప్రశ్న: బైకు కోసం ఒక ఫైనాన్స్ సంస్థలో అప్పు తీసుకున్నాను. ఉద్యోగం పోయి మూడు వాయిదాలు ఆగిపోయాయి. మార్చి 12న పైసాతో సహా కట్టేసి నో డ్యూ సర్టిఫికెట్ తీసుకున్నాను. ఇప్పుడు ఇంటి రుణం అడిగితే క్రెడిట్ నివేదికలో 14,700 రూపాయల బకాయి ఉందంటూ తిప్పి పంపారు. సంస్థను అడిగితే, అప్పుల వివరాలు నమోదు చేసి ఈ నివేదిక ఇచ్చే క్రెడిట్ బ్యూరోకు వెళ్లమంటారు, బ్యూరో వాళ్లు సంస్థకు వెళ్లమంటారు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ముందు నివేదిక తెప్పించుకోండి. ప్రతి బ్యూరో ఏడాదికోసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. అందులో బైకు అప్పు ఖాతా దగ్గర, సంస్థ సమాచారం పంపిన తేదీ చూడండి. అది మార్చి 12కు ముందుదైతే, మీరు కట్టిన సంగతి బ్యూరోకు చేరనే లేదు. తర్వాతిదైతే, సంస్థ తప్పుడు లెక్క పంపుతోంది. ఏది జరిగిందో ఫిర్యాదులో రాయండి.

సంస్థ ధ్రువీకరించకుండా బ్యూరో తనంతట తాను ఏదీ మార్చదు. అందుకే ఒకే రోజున ఇద్దరికీ రాయండి. 2005 నాటి క్రెడిట్ సమాచార సంస్థల చట్టం 21వ సెక్షన్ ప్రకారం సవరణ కోరుతున్నానని చెప్పి, ఖాతా నంబరు, చెల్లింపు రసీదు, సర్టిఫికెట్ జత చేయండి. ‘స్కోరు సరిచేయండి’ అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. బకాయి సున్నా చేయాలని, ఖాతా స్థితి ‘క్లోజ్డ్’ అని చూపాలని, మార్చి 12 తర్వాత లెక్కించిన ఆలస్యపు రోజులు తీసేయాలని విడివిడిగా అడగండి. ఆగిపోయిన మూడు వాయిదాల గుర్తు మాత్రం ఉంటుంది. అది జరిగినదే కదా, చెరపమని అడిగే హక్కు లేదు. కొంత మాఫీ చేయించుకుని కట్టినవారికైతే ‘సెటిల్డ్’ అనే పడుతుంది. మీది ఆ కోవ కాదు.

మొదటి ఫిర్యాదు నుంచి 30 రోజుల్లో పరిష్కారం కావాలి. దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలన్న రిజర్వు బ్యాంకు నిబంధన 2024 ఏప్రిల్ 26 నుంచి అమల్లో ఉంది. సవరించిన సమాచారం పంపడానికి సంస్థకు 21 రోజుల గడువు. ఉదాహరణకు, సంస్థ 18వ రోజున పంపినా బ్యూరో 45వ రోజున గానీ దిద్దలేదనుకుందాం. ఆలస్యం 15 రోజులు. 1,500 రూపాయలు బ్యూరోయే చెల్లించాలి. సంస్థే 21 రోజుల్లో పంపకపోతే ఆ భారం సంస్థది. అందుకే ఫిర్యాదు నంబరు, తేదీ భద్రంగా ఉంచుకోండి. ఫోనులో చెప్పిన మాటకు నంబరుండదు.

30 రోజులైనా జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు సరిగా లేకపోతే cms.rbi.org.in లో, ఇలాంటి ఫిర్యాదులు పరిష్కరించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. రుసుము లేదు, న్యాయవాదీ అక్కర్లేదు. 2022 సెప్టెంబరు నుంచి బ్యూరోలు కూడా ఆయన పరిధిలోకి వచ్చాయి.

ఈలోగా నో డ్యూ సర్టిఫికెట్, ఫిర్యాదు నంబరు ఇంటి రుణం అడిగిన బ్యాంకుకు ఇచ్చి, దరఖాస్తును మళ్లీ పరిశీలించమని కోరండి. కోపంతో మరో నాలుగు బ్యాంకుల్లో దరఖాస్తు పెట్టకండి. ఆ విచారణలన్నీ మీ నివేదికకే ఎక్కుతాయి.