ఏడాదికి పాతిక రాత్రుల గదికి మూడు లక్షల అరవై ఆరు వేలా?

ప్రశ్న: మియాపూర్‌లో మాది మూడు పడగ్గదుల సొంత ఫ్లాట్. మూడో గది (10×11 అడుగులు) చుట్టాల కోసమని ఉంచాం. అత్తయ్యగారు, మామయ్యగారు సంక్రాంతికీ వేసవిలోనూ వస్తారు. ఇద్దరికీ మోకాళ్ల నొప్పులు. మిగతా చుట్టాలందరినీ కలిపినా ఏడాదికి పాతిక రాత్రులు దాటవు. మా వారు వారానికి మూడు రోజులు ఇంటి నుంచే పని. పాప పదో తరగతి. గదిని స్టడీలా, సామాను పెట్టుకునేలా కూడా చేయించాలని అడిగితే ఇంటీరియర్ వాళ్లు ఇలా కొటేషన్ ఇచ్చారు: గోడలోకి మడిచే మంచం 1,15,000, వార్డ్‌రోబ్ (8×9 అడుగులు) 1,04,400, స్టడీ యూనిట్ 45,000, ఫాల్స్ సీలింగ్ 25,600, వాల్‌పేపర్, ప్యానెల్ 20,000. జీఎస్టీతో 3,65,800. మా దగ్గర ఎఫ్‌డీ 2.5 లక్షలు ఉంది. ఇంటి లోన్‌తో కలిపి నెల ఖర్చు 85 వేలు, మిగిలేది 25 వేలు. ఎఫ్‌డీ తీయాలా, 14 శాతానికి పర్సనల్ లోన్ తీసుకోవాలా? సంక్రాంతికి గది సిద్ధం కావాలి. ఇంకా నాలుగు నెలలుంది.

జవాబు: రెండూ వద్దండీ. మీ ఎఫ్‌డీ మూడు నెలల ఖర్చుకే సరిగ్గా సరిపోదు. ఇంటి లోన్ నడుస్తున్న కుటుంబానికి అదొక్కటే ఆసరా అయినప్పుడు చెక్కపని కోసం దాన్ని కదపకూడదు. ఇక లోన్ సంగతి. 65,800 చేతి నుంచి పెట్టి 3 లక్షలు మూడేళ్లకు తీసుకున్నారనుకుందాం. ఈఎంఐ దాదాపు 10,250 పడుతుంది, మొత్తం మీద వడ్డీ సుమారు 69 వేలు. ఆ వడ్డీ డబ్బుతోనే ఈ గదిలో సగానికి పైగా పని అయిపోతుంది, కింద లెక్క చూపిస్తాను. ఇంటీరియర్ వాళ్లు ‘నో కాస్ట్ ఈఎంఐ’ కూడా చూపిస్తే ఒకే మాట అడగండి: మొత్తం ఒకేసారి కడితే ఎంతకిస్తారు? తగ్గిస్తామన్నారంటే ఆ తగ్గించినదే వడ్డీ. సున్నా వడ్డీ అనేది ఉండదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది.

కొటేషన్‌లో నాకు మొదట కంటపడింది మంచం. జీఎస్టీతో 1,35,700. పదేళ్లు వాడారనుకున్నా 250 రాత్రులు, అంటే రాత్రికి 543 రూపాయలు. లాడ్జి కంటే చవకే కదా అంటారు. నిజమే, అత్తమామల్ని లాడ్జిలో దింపే ఆలోచన ఎలాగూ ఎవరికీ ఉండదు. చిక్కు ధర దగ్గర లేదు. మంచం దించాలంటే దాని ముందు ఆరున్నర అడుగుల నేల ప్రతిసారీ ఖాళీగా ఉండాలి. అంటే కుర్చీ, కింద పెట్టిన అట్టపెట్టెలు, ఇస్త్రీ బల్ల అన్నీ హాల్లోకి రావాలి. మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చాలన్నా పెద్దవాళ్లు ఇంకొకర్ని పిలవాలి. పైగా అది ముందుకు ఒరగకుండా పట్టి ఉంచేది గోడలోకి బిగించిన బోల్టులే. ఆ గోడ నాలుగున్నర అంగుళాల పార్టిషనో, తేలికపాటి బ్లాకులతో కట్టిందో అయితే మామూలు ఫిషర్లు కొంతకాలానికి వదులవుతాయి. గదిలో వేరే మంచానికి చోటే లేక, చుట్టాలు వారం వారం వచ్చే ఇంటికి నేను ఈ మంచం కొనమనే చెబుతాను. మీది ఆ పరిస్థితి కాదు.

స్టడీ యూనిట్‌కు వస్తే, అది ఎవరి కోసమో ముందు తేల్చుకోండి. పాప పదో తరగతి అంటున్నారు. మన దగ్గర పది పాసైన పిల్లలు చాలామంది మర్నాడే రెసిడెన్షియల్ కాలేజీ బాట పడతారు. మీరూ అలాగే అనుకుంటుంటే వచ్చే జూన్ నుంచి ఆ బల్ల పూర్తిగా మీ వారిదే. గోడకు బిగించి, పైన పుస్తకాల అరలు పెట్టిన 45 వేల యూనిట్ ఆయనకు అక్కర్లేదు. విడిగా ఉండే 4×2 అడుగుల బల్ల, రోజంతా కూర్చోగలిగే మంచి కుర్చీ, పక్కన రెండు ప్లగ్ పాయింట్లు చాలు. నా లెక్కలో బల్ల 9 వేలు, కుర్చీ 12 వేలు, వైరింగ్ 4 వేలు. బల్ల వెడల్పు రెండు అడుగులు దాటనివ్వకండి. పడగ్గది తలుపు మూడడుగులదే అయినా, తెరిచాక దారి 32 అంగుళాలకు అటూ ఇటూగా మిగులుతుంది. రెండడుగుల బల్ల అందులోంచి సులువుగా పోతుంది. సంక్రాంతికి మామయ్యగారు ఆ గదిలో పడుకున్న రోజుల్లో బల్లనూ కుర్చీనీ మీ పడగ్గదికి మార్చుకోవచ్చు. గోడకు బిగిస్తే ఆ వీలుండదు. మీ వారు ఫోన్ మీటింగులో ఉంటే అత్తమామలు బయట కూర్చోవాలి, లేదంటే వాళ్లు నిద్రపోతుంటే మీ వారు డైనింగ్ టేబుల్ దగ్గర గుసగుసలాడాలి. ఇంటి నుంచి పని చేసే జీతగాడికి ఈ ఖర్చు మీద పన్ను మినహాయింపు ఏదీ రాదు, ఆ ఆశతో బిల్లు పెంచుకోవద్దు.

మంచానికి బదులు పుల్ అవుట్ దివాన్ చేయించండి. మూసినప్పుడు మూడడుగులు, కింది చట్రాన్ని లాగితే ఆరడుగులు. వడ్రంగికి ఒక విషయం మాత్రం గట్టిగా చెప్పాలి: లాగిన భాగం రెండో భాగంతో సమానమైన ఎత్తులో నిలవాలి. లాగిన భాగం కిందికి ఉండిపోయే రకం పిల్లలకు పనికొస్తుంది గానీ మోకాళ్ల నొప్పులున్నవారు దాని మీంచి లేవలేరు. చట్రం 14 అంగుళాలు, మీద 4 అంగుళాల కొబ్బరిపీచు పరుపు వేస్తే 18 అంగుళాల ఎత్తు వస్తుంది. కూర్చుంటే పాదాలు నేలకు ఆనుతాయి. అలాంటి పరుపులు మూడడుగులవి రెండు కొనండి. మామూలు రోజుల్లో ఒకదాని మీద ఒకటి వేస్తే కూర్చోవడానికి దివాన్, చుట్టాలు వచ్చినప్పుడు పక్కపక్కన వేస్తే ఇద్దరికి మంచం. నడుమ పరుపులు కలిసే చోట గీత తెలుస్తుంది, అది తప్పదు. ఒకే దుప్పటి అడ్డంగా పరిచి కింద బిగించి మడిస్తే పరుపులు జరగవు. దివాన్ 22 వేలు, పరుపులు 12 వేలు వేసుకున్నాను.

ఇక సామాను. ఇక్కడ కొటేషన్‌ను కాస్త దగ్గరగా చదవాలి. 8×9 అంటే 72 ఎస్‌ఎఫ్‌టీ, 1,04,400ను దాంతో భాగిస్తే 1,450. ఈ రేటు ముందు వైపు కొలతకే అయినా, అందులో లోపలి పెట్టె, అరలు, వెనక చెక్క అన్నీ కలిసి ఉంటాయి. మీ గదిలో ఏడడుగుల ఎత్తున బిల్డర్ సజ్జ పోసి ఉంటే, పైన ఉన్న రెండడుగుల్లో పెట్టె కట్టే పనే లేదు. ఒక ఫ్రేమూ తలుపులూ చాలు. అయినా ఆ 16 ఎస్‌ఎఫ్‌టీకీ అదే 1,450 వేశారు, అంటే 23,200. సజ్జ ఉంటే తలుపులకు మాత్రమే విడిగా రేటు అడగండి. ఎస్‌ఎఫ్‌టీకి 700 అనుకుంటే 11,200తో పోతుంది. ఖాళీ సూట్‌కేసులు, బొమ్మల కొలువు పెట్టె, పెళ్లినాటి ఇత్తడి గంగాళం, పండక్కి తప్ప దించని సామానంతా అక్కడికే.

కింద మిగిలిన 56 ఎస్‌ఎఫ్‌టీ వార్డ్‌రోబ్ ఇప్పుడు వద్దు. దాని బదులు ఒక ఇనుప బీరువా కొనండి, 18 వేలనుకుందాం. ఇల్లు మారినా మీతో వస్తుంది, అమ్మితే ఎంతో కొంత రాలుతుంది, చెద పట్టదు. బిగించిన చెక్కపనికి ఫ్లాట్ అమ్మేటప్పుడు పెట్టిన డబ్బు తిరిగొచ్చిన దాఖలాలు నేను పెద్దగా చూడలేదు. బీరువాలో పై రెండు అరలూ హ్యాంగర్ల వైపూ మీవి. కింది అర ఒకటి ఎప్పుడూ ఖాళీగా ఉంచండి, చుట్టాలు బట్టలు సర్దుకోవడానికి. ఇలాంటి గదులు చెడేది సాధారణంగా ఇక్కడే. ఆ ఖాళీ అరలో మొదట పాత టీవీ అట్టపెట్టె చేరుతుంది, తర్వాత నిరుటి పాఠ్యపుస్తకాలు. అర నిండాక కుర్చీ మీదికి, ఆ తర్వాత బల్ల మీదికి వస్తాయి. మీ వారు ల్యాప్‌టాప్ పట్టుకుని మళ్లీ హాల్లో కూర్చోవడం మొదలుపెట్టారంటే గది స్టోర్‌రూమ్ అయిపోయిందన్నమాట. కొలతలు తీసే ముందే గదిని ఒకసారి పూర్తిగా ఖాళీ చేసి, మళ్లీ లోపలికి ఏది రావాలో చూసుకోండి. ఫ్లాట్ కొన్న రేటు చదరపు అడుగుకు 7 వేలనుకుంటే, మూడడుగుల పొడవు రెండడుగుల వెడల్పున పేర్చిన అట్టపెట్టెలు 42 వేల రూపాయల నేల మీద కూర్చున్నట్టు. వాటిలో ఉన్నది అంత చేస్తుందా?

ఫాల్స్ సీలింగ్, వాల్‌పేపర్ కొట్టేయండి. గోడలకు ఒక కోటింగ్, కిటికీకి మందపాటి కర్టెన్ వేస్తే 8 వేలలో గది చూడ్డానికి బాగుంటుంది.

కూడితే 96,200. డబ్బు సర్దుబాటు ఇలా. మొదటి నెల మిగులు 25 వేలతో వైరింగ్, బల్ల, కుర్చీ అయిపోతాయి. రోజూ వాడేవి అవే కాబట్టి వాటికే మొదటి వంతు. రెండో నెల ఏమీ కొనకండి, కానీ వడ్రంగికి దివాన్ కొలతలు ఇచ్చి రండి. మూడో నెలాఖరుకు చేతిలో 50 వేలు ఉంటాయి, దివాన్, పరుపులకు 34 వేలు పోగా 16 మిగులుతాయి. నాలుగో నెల పాతిక కలిపితే 41 వేలు. బీరువా, సజ్జ తలుపులు, రంగు, కర్టెన్ అన్నీ 37,200కే వస్తాయి. రంగు మాత్రం బీరువా లోపలికి రాకముందే వేయించండి. సంక్రాంతి ముందు పెయింటర్లు దొరకడం కష్టం, మనిషిని ముందే మాట్లాడి పెట్టుకోండి.

ఆ తర్వాత నెలకు 25 వేలూ ఎఫ్‌డీకే వెళ్లాలి. ఆరు నెలల ఖర్చు, అంటే 5,10,000 నిండటానికి దాదాపు పదకొండు నెలలు పడుతుంది. అప్పటికీ వార్డ్‌రోబ్ కావాలనిపిస్తే నిశ్చింతగా చేయించుకోండి. కొటేషన్‌లో ఉత్త ‘ప్లైవుడ్’ అని రాస్తే ఒప్పుకోకండి, నీటిని తట్టుకునే మెరైన్ ప్లైవుడ్‌కు గుర్తయిన ఐఎస్ 710 అని రాయించండి. లామినేట్ అతికించకముందే పలక మీది ముద్ర మీరే చూసుకోండి, అతికించాక ఏ రకం చెక్కో ఎవరూ చెప్పలేరు. ఆ గోడకు అవతల బాత్రూమ్ ఉందేమో కూడా చూడండి. ఉంటే ఆలోపు ఒక వర్షాకాలం గడుస్తుంది కాబట్టి, గోడకు చెమ్మ పడుతుందో లేదో వార్డ్‌రోబ్ బిగించకముందే తెలిసిపోతుంది.