నడుస్తున్న పరీక్షలోని ప్రశ్నను సైట్‌లో పెడితే అది నేర్చుకోవడం అవుతుందా?

ప్రశ్న: నేను అమెరికాలో ఎంఎస్ రెండో సెమిస్టర్ చదువుతున్నాను. మా మిడ్‌టర్మ్ ఓపెన్ బుక్, ఇంటి నుంచే రాయాలి. 24 గంటల్లో ఎప్పుడైనా మొదలుపెట్టి 90 నిమిషాల్లో ముగించాలి. ఒక లెక్క తట్టక మధ్యలో స్క్రీన్‌షాట్ తీసి, హోంవర్క్‌కు జవాబులిచ్చే ఒక సైట్‌లో పెట్టాను. నేను సబ్మిట్ చేసిన అరగంటకు గానీ జవాబు రాలేదు, దాన్ని వాడుకోలేదు. తెలుసుకుందామనే కదా అడిగాను, ఇది కూడా కాపీ కిందికే వస్తుందా? ఇప్పుడు నేనేం చేయాలి?

జవాబు: వస్తుంది. జవాబు ఆలస్యంగా రావడం వల్ల మీ మీద పడే ఆరోపణ కొంత తేలిక కావచ్చు గానీ పూర్తిగా పోదు. అమెరికా విశ్వవిద్యాలయాల నియమావళులు చాలావరకు అనుమతి లేని సాయం పొందడాన్నే కాకుండా, పొందడానికి ప్రయత్నించడాన్ని కూడా తప్పుగానే రాసుకున్నాయి. అందువల్ల విచారణలో మిమ్మల్ని మొదట అడిగేది జవాబు వాడుకున్నారా అని కాదు, ప్రశ్న ఏ సమయంలో బయటికి వెళ్లింది అని.

ఓపెన్ బుక్ అన్న మాటే చాలామంది మన విద్యార్థులను పొరబాటులోకి దింపుతోంది. పుస్తకం, క్లాసులో రాసుకున్న నోట్స్, స్లైడ్లు తెరిచి చూసుకోవచ్చు అన్నంతవరకే ఆ అనుమతి. ఇంటర్నెట్ కూడా చూడవచ్చని పరీక్ష సూచనల్లో ఉంటే అప్పటికే ఉన్న పేజీని చదువుకోవచ్చు. కానీ ప్రశ్నను మరో మనిషి ముందు పెట్టి జవాబు రాయించుకోవడానికి ఆ అనుమతి వర్తించదు. ప్రొఫెసర్లు సాధారణంగా ఈ తేడాను సూచనల మొదటి పేజీలో ఒక వాక్యంగా రాస్తారు, విద్యార్థులు సాధారణంగా ఆ పేజీని చదవకుండా స్టార్ట్ బటన్ నొక్కుతారు. మీ పరీక్ష సూచనలూ, సిలబస్‌లో అకడమిక్ ఇంటిగ్రిటీ అన్న శీర్షిక కింద ఉన్న భాగమూ ఇప్పుడైనా తెరిచి, అందులోని మాటలను ఉన్నవి ఉన్నట్టు కాగితం మీద రాసుకోండి. తర్వాత మీరు ఎవరితో మాట్లాడినా ఆ మాటల ఆధారంగానే మాట్లాడాలి.

మీరు ఏ లెక్క పెట్టారో రాయలేదు కాబట్టి, ఎంఎస్ మొదటి ఏడాదిలో తరచూ వచ్చే ఒక క్యూయింగ్ లెక్కను తీసుకుందాం. ఒకే సర్వర్ ఉంది, గంటకు సగటున 37 రిక్వెస్టులు వస్తున్నాయి, అది గంటకు 45 పూర్తి చేయగలదు. ఒక రిక్వెస్టు క్యూలో సగటున ఎంతసేపు ఆగుతుంది అన్నది ప్రశ్న. వచ్చే తీరూ పని పూర్తయ్యే తీరూ పాఠంలో చెప్పిన ఎం/ఎం/1 అనే ఒకే సర్వర్ క్యూ నమూనాకు సరిపోతాయనుకుంటే, వ్యవస్థలో గడిచే మొత్తం సమయం 1/(45 − 37) గంట, అంటే 7.5 నిమిషాలు. అడిగింది మాత్రం క్యూలో ఆగే సమయం కాబట్టి, అందులోంచి ఒక రిక్వెస్టు పనికి పట్టే సగటు సమయం, అంటే 60/45, సుమారు 1.33 నిమిషాలు తీసేయాలి. జవాబు సుమారు 6.17 నిమిషాలు. ఈ 1.33 ఎందుకు తీసేయాలో తెలిసినవాడికి పాఠం తెలిసినట్టు, తెలియనివాడికి తెలియనట్టు. పరీక్ష కొలుస్తున్నది సరిగ్గా ఆ ఒక్క అడుగునే. దాన్ని పరీక్ష నడుస్తుండగా ఎవరో పూరిస్తే ఆ మార్కు మీ గురించి ఏమీ చెప్పదు, పూరించినవారి గురించి చెబుతుంది. పరీక్ష ముగిసిన తర్వాత అదే అడుగును ఎవరినైనా అడిగి తెలుసుకుంటే అది చదువే. అడిగినది ఒకటే అయినా అడిగిన సమయమే దాని స్వభావాన్ని మార్చేస్తుంది.

ఇందులో మీరు గమనించని రెండో తప్పు ఉంది, నా ఉద్దేశంలో అదే పెద్దది. మీ 90 నిమిషాలు ముగిశాయి గానీ 24 గంటల గడువు ముగియలేదు. మీరు పెట్టిన ప్రశ్న, అరగంట తర్వాత దాని కింద చేరిన జవాబు, ఇంకా పరీక్ష మొదలుపెట్టని మీ తోటి విద్యార్థులకు వెతికితే దొరికే స్థితిలో ఉన్నాయి. మీరు జవాబు వాడుకోలేదన్న మాట నిజమే కావచ్చు, కానీ ప్రశ్నపత్రంలోని ఒక భాగం మీ చేతి మీదుగా బయటికి వెళ్లిన మాట కూడా నిజమే. నియమావళుల్లో దీన్ని ఇతరులకు సహకరించడం కింద విడిగా లెక్కిస్తారు. సబ్మిట్ చేసేశాను కదా, ఇక ఎక్కడైనా అడగవచ్చు అనుకునేవారికి కూడా ఇదే సమాధానం. గడువు అందరికీ ముగిసేదాకా మీ పరీక్ష కూడా ముగియనట్టే.

ఎలా బయటపడుతుందన్నది మీకు భయం పుట్టించడానికి చెప్పడం లేదు, ఇప్పుడు ఏం చేయాలో నిర్ణయించుకోవడానికి అది తెలియాలి. ఆన్‌లైన్ పరీక్షల్లో ఒకే లెక్కను విద్యార్థికో అంకెతో ఇచ్చే సౌకర్యం ఉంది. మీకు 37 వస్తే ఇంకొకరికి 39 వస్తుంది. 39 వచ్చిన విద్యార్థికి సరైన జవాబు సుమారు 8.67 నిమిషాలు. ఆ విద్యార్థి 6.17 అని రాస్తే అంకె ఎక్కడినుంచి వచ్చిందో చెప్పడానికి విచారణ కూడా అక్కర్లేదు. సైట్‌లో జవాబిచ్చినవారు తొందరలో 1.33 తీసేయడం మరచిపోయి 7.5 అని రాసి ఉంటే ఇంకా స్పష్టం, ఎందుకంటే ఆ తప్పు జవాబు నలుగురి పేపర్లలో ఒకే రకంగా కనిపిస్తుంది. ప్రశ్నలో 37 అన్న అంకె ఎవరికి వచ్చిందో ప్రొఫెసర్ దగ్గర పట్టిక ఉంటుంది కాబట్టి, స్క్రీన్‌షాట్‌లో మీ పేరు లేకపోయినా మీరే పెట్టారని తెలుస్తుంది.

సమయాల సంగతి సైట్ వైపు నుంచి తేలుతుంది. ఈ రంగంలో బాగా తెలిసిన చెగ్ సంస్థ, విశ్వవిద్యాలయం అధికారికంగా విచారణ కోరితే ప్రశ్న ఎప్పుడు పెట్టారో, జవాబు ఎప్పుడు వచ్చిందో చెబుతుంది. వివరాలు ఎంతవరకు ఇస్తారన్నది సంస్థను బట్టి, ఏడాదిని బట్టి మారుతుంది కాబట్టి, పేరు బయటికి రాదని ధీమా పడకండి. కరోనా కాలంలో పరీక్షలు ఇళ్లకు మారినప్పుడు ఇలాంటి ప్రశ్నలు వెల్లువెత్తాయి. సైన్స్, ఇంజినీరింగ్ వైపు 5 సబ్జెక్టులను పరిశీలించిన ఒక అధ్యయనంలో 2020 ఏప్రిల్, ఆగస్టు మధ్య చెగ్‌లో పెట్టిన ప్రశ్నలు అంతకు ముందు ఏడాది అదే కాలంతో పోలిస్తే 196 శాతం పెరిగాయని తేలింది. ఆ తర్వాతే అధ్యాపకులు పరీక్ష ప్రశ్నలను ముందే అందజేస్తే పరీక్ష సమయంలో వాటికి జవాబు ఇవ్వకుండా ఆపే ఏర్పాటును ఆ సంస్థ తెచ్చింది. ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. అమెరికాలో సాయంత్రం పెట్టిన ప్రశ్నకు జవాబు రాస్తున్నది మన దేశంలో పొద్దున్నే కంప్యూటర్ ముందు కూర్చున్న ఎంఎస్సీ లేదా బీటెక్ పట్టభద్రుడే కావచ్చు. అది నడుస్తున్న పరీక్ష అని అతనికి తెలిసే అవకాశం తక్కువ, తెలియాల్సింది పెట్టినవారికే.

పరీక్ష వేదిక దాచే లాగ్ మీద మాత్రం అతిగా ఆధారపడకూడదు. కాన్వాస్ వంటి వేదికల్లో విద్యార్థి పరీక్ష పేజీ వదిలి వెళ్లినట్టు, తిరిగి వచ్చినట్టు సమయంతో సహా నమోదవుతుంది గానీ, మీరు నోట్స్ పీడీఎఫ్ తెరిచినా అదే నమోదవుతుంది. మీ మీద ఆ లాగ్ ఒక్కటే చూపిస్తే దాని పరిమితిని మర్యాదగా ఎత్తి చూపవచ్చు. సైట్‌లోని ప్రశ్న, మీ అంకె, సమయం మూడూ కలిస్తే వాదించడానికి పెద్దగా ఏమీ మిగలదు.

ఇక మీరు చేయవలసింది. అకౌంట్ మూసేయడం, ప్రశ్న తొలగించమని సైట్‌కు తొందరపడి రాయడం లాంటివి ఎవరినైనా సంప్రదించకముందే చేయకండి. సైట్ దగ్గరి రికార్డు దానితో పోదు సరికదా, సాక్ష్యం మాయం చేయబోయారన్న కొత్త మాట వస్తుంది. రూమ్మేట్లు నలుగురూ ఒకే సబ్‌స్క్రిప్షన్ వాడుకోవడం మనవాళ్లలో మామూలే. అకౌంట్ మీ పేరున లేకపోతే నోటీసు మీ రూమ్మేట్‌కు వెళ్లవచ్చు, కాబట్టి ఆ విషయం అతనికి ముందే చెప్పడం మీ బాధ్యత. మా ఫ్రెండ్ వాడాడు, లాగిన్ హ్యాక్ అయింది అన్న వాదనలు విచారణ కమిటీలు విని విని ఉన్నాయి. అబద్ధమని తేలితే అసలు తప్పుకంటే దానికే శిక్ష పెరుగుతుంది.

ముందుగా మీ విశ్వవిద్యాలయంలో ఎవరి పక్షమూ వహించకుండా సమస్యలు వినే ఆంబుడ్స్ కార్యాలయం గానీ, విద్యార్థుల తరఫున నియమావళి వివరించే సలహాదారు గానీ ఉన్నారేమో చూడండి. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే మాటలు గోప్యంగా ఉంటాయా అని అడిగి, తానుగా చెప్పుకున్న విద్యార్థికి శిక్ష తగ్గించే నిబంధన మీ నియమావళిలో ఉందో లేదో తెలుసుకోండి. ఉంటే, నోటీసు వచ్చేలోగా ప్రొఫెసర్‌కు చెప్పడమే మేలని నా అభిప్రాయం. లేకపోతే సలహాదారు మాట విన్న తర్వాత నిర్ణయించుకోండి. చెప్పాలనుకుంటే ఈమెయిల్ నాలుగు వాక్యాలు దాటనవసరం లేదు: ఏ ప్రశ్న, ఏ సమయానికి, ఎక్కడ పెట్టారు, జవాబు ఎప్పుడు చూశారు. చదువు ఒత్తిడి, ఇంటి అప్పు, అమ్మ ఆరోగ్యం అన్నీ నిజమే కావచ్చు, వాటిని మాట్లాడే సమయం వచ్చినప్పుడు చెప్పండి, మొదటి ఈమెయిల్‌లో కాదు.

మీకు వీసా ఉంది కాబట్టి ఇంకో జాగ్రత్త కావాలి. ఆ పరీక్షలో సున్నా వచ్చినా, ఆ కోర్సు పోయినా, ఎఫ్-1 హోదా దానంతట అది పోదు. సస్పెన్షన్ అయితే మాత్రం విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ వ్యవస్థ సెవిస్‌లో మీ రికార్డు ముగించే పరిస్థితి వస్తుంది. అలాగే భయపడి ఆ కోర్సును డ్రాప్ చేసేయకండి. విచారణ పెండింగ్‌లో ఉన్నప్పుడు చాలా చోట్ల డ్రాప్ చేయనివ్వరు, చేయనిచ్చినా క్రెడిట్లు ఫుల్‌టైమ్‌కు తగ్గితే, విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే విశ్వవిద్యాలయ అధికారి డీఎస్‌ఓ ముందస్తు అనుమతి లేకుండా అది వేరే చిక్కు. కొన్ని విశ్వవిద్యాలయాల్లో, ఉదాహరణకు మేరీల్యాండ్‌లో, నిజాయితీ లోపం వల్ల తప్పినట్టు తెలిపే ఎక్స్‌ఎఫ్ గ్రేడు ట్రాన్‌స్క్రిప్ట్‌లోనే కనిపిస్తుంది. మీ దగ్గర అలాంటిది ఉంటే అది ఎంతకాలం ఉంటుందో, తీసేయమని ఎప్పుడు దరఖాస్తు చేసుకోవచ్చో ఆ సలహాదారునే అడగండి, ఎందుకంటే రేపు పీహెచ్‌డీ దరఖాస్తులో క్రమశిక్షణ చర్య గురించి అడిగిన చోట మీరు ఉన్నది ఉన్నట్టే రాయాల్సి ఉంటుంది.

ఆ లెక్క మీకు ఇంకా అర్థం కాలేదన్న సంగతి మిగిలే ఉంది. గడువు అందరికీ ముగిసి, పేపర్లు దిద్ది ఇచ్చాక, ఆఫీస్ అవర్స్‌కు మీ సొంత ప్రయత్నం రాసిన కాగితం తీసుకుని వెళ్లండి. ఎక్కడిదాకా వచ్చి ఆగిపోయారో ఆ వరుస చూపించి అక్కడినుంచే అడగండి. స్నేహితులతో చర్చించాలనుకుంటే పరీక్షలోని ప్రశ్నను కాకుండా, అంకెలూ సందర్భమూ మార్చి మీరే రాసుకున్న లెక్కను తీసుకోండి. ప్రొఫెసర్ ఆ ప్రశ్నను వచ్చే సెమిస్టర్‌లో మళ్లీ వాడవచ్చు కాబట్టి, అసలు ప్రశ్నను ఎక్కడైనా పెట్టాలంటే ముందు ఆయన అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి.