పొటెన్షియల్ సున్నా అయిన చోట క్షేత్రం ఎందుకు సున్నా కాదు

"సమానమైన ప్లస్, మైనస్ ఛార్జీల మధ్య సరిగ్గా నడుమ పొటెన్షియల్ సున్నా వస్తోంది. పొటెన్షియలే లేనప్పుడు ఫీల్డ్ ఎక్కడి నుంచి వస్తుంది? ఆన్సర్ కీలో మాత్రం సున్నా కాదని ఉంది. కీ తప్పా?"

కీ సరైనదే. నేను పర్లాకిమిడిలో చాలా ఏళ్లుగా ప్లస్ టూ పిల్లలకు భౌతికశాస్త్రం ట్యూషను చెబుతున్నాను. ఈ సందేహం రాని బ్యాచి ఇంతవరకు నాకు తగలలేదు. పైగా దీన్ని అడిగేది వెనకబడిన పిల్లలు కాదు, లెక్కలు చకచకా చేసేవారే. అందుకే తప్పు పిల్లల్లో లేదనీ, మనం పాఠం చెప్పే వరుసలోనే ఉందనీ నా గట్టి అభిప్రాయం.

ఆ వరుస ఎలా ఉంటుందో చూడండి. ముందు ఒక్క బిందు ఆవేశాన్ని తీసుకుని V = kq/r అని చెబుతాం. క్షేత్రం E = kq/r² అని అప్పటికే చెప్పి ఉంటాం. ఒకదాన్ని ఒకటి భాగిస్తే E = V/r అని వస్తుంది. తరువాత సమాంతర పలకల పాఠంలో E = V/d అంటాం. రెండు చోట్లా పొటెన్షియల్‌ను దూరంతో భాగిస్తే క్షేత్రం వచ్చేసింది కాబట్టి, పొటెన్షియల్ సున్నా అయితే క్షేత్రమూ సున్నాయే అన్న మాట విద్యార్థి మనసులో ఎవరూ చెప్పకుండానే స్థిరపడిపోతుంది. నిజానికి ఒంటరి ఆవేశం దగ్గర ఆ భాగహారం కుదరడానికి కారణం 1/r ను అవకలనం చేస్తే −1/r² రావడం మాత్రమే. పలకల దగ్గరున్న V ఏ ఒక్క బిందువు పొటెన్షియలూ కాదు, రెండు పలకల పొటెన్షియల్‌లకు మధ్య తేడా. ఈ రెండు ప్రత్యేక సందర్భాలను సూత్రాల పట్టీలో పక్కపక్కన అచ్చువేసి పంచే కోచింగ్ కేంద్రాల మీద నాకున్న కోపం ఇంతా అంతా కాదు. నన్నడిగితే రెండు ఆవేశాల లెక్క చేయించకుండా E = V/r అన్న గీతను బోర్డు మీద గీయనే కూడదు.

మీ లెక్కనే అంకెలతో చేద్దాం. +4 నానోకూలంబుల ఆవేశం ఎడమవైపు, −4 నానోకూలంబుల ఆవేశం కుడివైపు, వాటి మధ్య 20 సెంటీమీటర్ల దూరం ఉన్నాయనుకోండి. k విలువ 9×10⁹ కాబట్టి kq విలువ 36 అవుతుంది. నడిమి బిందువు రెండింటికీ 0.1 మీటరు దూరంలో ఉంది. ఎడమ ఆవేశం వల్ల +360 వోల్టులు, కుడి ఆవేశం వల్ల −360 వోల్టులు, మొత్తం సున్నా. ఇక్కడిదాకా మీరు చేసింది సరిగానే ఉంది. ఇప్పుడు నడుమ నుంచి ఒక సెంటీమీటరు ఎడమకు జరగండి. అక్కడ 36/0.09 లోంచి 36/0.11 తీసివేస్తే సుమారు +72.7 వోల్టులు. అంతే దూరం కుడికి జరిగితే −72.7 వోల్టులు. అంటే నడిమి బిందువుకు అటూ ఇటూ కలిపి రెండు సెంటీమీటర్లలో పొటెన్షియల్ 145 వోల్టులకు పైగా పడిపోయింది. దూరంతో భాగిస్తే మీటరుకు సుమారు 7,270 వోల్టులు. సెంటీమీటరుకు బదులు ఒక మిల్లీమీటరు చొప్పున జరిగి చూస్తే మీటరుకు 7,201 వోల్టులు వస్తుంది. కూలంబు నియమంతో నేరుగా కట్టిన క్షేత్రం 7,200. అడుగు చిన్నదయ్యేకొద్దీ ఈ అంకె దానికే చేరుతుంది. E = −dV/dx అన్న సూత్రం చెబుతున్నది ఇదే. పొటెన్షియల్ సున్నాను దాటుకుంటూ దిగిపోతోంది, క్షేత్రానికి కావలసింది ఆ దిగడం. ఎడమ నుంచి కుడికి దిగుతోంది కాబట్టి వాలు రుణాత్మకం, ముందున్న మైనస్ గుర్తు వల్ల క్షేత్రం కుడివైపుకు, అంటే ధనావేశం నుంచి రుణావేశం వైపుకు వస్తుంది.

అంకెలు ఇన్ని చూపినా, మొన్నటి బ్యాచిలో కాశీనగరం నుంచి వచ్చే ఒక అమ్మాయి ఒప్పుకోలేదు. లెక్క కుదిరింది గానీ నమ్మకం కుదరడం లేదంది. అప్పుడు వరండాలో ఒక వెడల్పాటి ప్లాస్టిక్ ట్రేలో వేలు మందాన కుళాయి నీళ్లు పోసి, 20 సెంటీమీటర్ల ఎడంలో రెండు ఇత్తడి బోల్టులు నిలబెట్టి, పాత రేడియోలోంచి తీసిన 6 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు తీగలను వాటికి కట్టాను. బ్యాటరీ పెడితే బోల్టుల దగ్గర బుడగలు పుట్టి రీడింగులు నిలకడగా ఉండవు, అందుకే ఏసీ. మల్టీమీటరు నల్ల కడ్డీని నడిమి బిందువులో ఉంచి, ఎర్ర కడ్డీని బోల్టులను కలిపే గీతకు లంబంగా ఎంత దూరం జరిపినా మీటరు సున్నా దగ్గరే ఉంది. ఆ లంబ గీత పొడవునా పొటెన్షియల్ ఒకటే. తరువాత రెండు కడ్డీలనూ నాలుగు సెంటీమీటర్ల ఎడంలో ఒక పుల్లకు కట్టి, పుల్ల మధ్యభాగం నడిమి బిందువు మీద ఉండేలా పట్టుకుని మెల్లగా తిప్పమన్నాను. పుల్ల లంబంగా ఉన్నప్పుడు సున్నా. తిప్పేకొద్దీ రీడింగు పెరిగి, పుల్ల బోల్టుల వైపు తిరిగేసరికి అర వోల్టు దాటింది.

"మాస్టారూ, సున్నా మీదే పెట్టి తిప్పుతున్నాను గదండీ, మరి ఇది పెరుగుతోందేంటండీ?" అని ఆ అమ్మాయి అడిగింది.

పొటెన్షియల్ ఏ దిశలో ఎంత వాలుగా మారుతోందో చెప్పే ప్రవణత అంటే ఆ తిరిగే పుల్లే. ఏ దిశలో రీడింగు అత్యధికమో క్షేత్రం ఆ గీత వెంట ఉంది, ఏ దిశలో సున్నాయో అది సమపొటెన్షియల్ గీత, ఆ రెండూ ఒకదానికొకటి లంబం. ఏసీ మీటరు పరిమాణం చూపుతుంది గానీ అటా ఇటా అన్నది చెప్పదు. ఇంకో సంగతి, పలుచటి నీటిపొరలో ప్రవాహం అడ్డంగా మాత్రమే పరుచుకుంటుంది కాబట్టి అక్కడ పొటెన్షియల్ 1/r లాగా కాక లాగరిథం లాగా మారుతుంది. కాబట్టి ట్రేలో వచ్చిన అంకెలను పై లెక్కతో సరిపోల్చకండి, ఆకారం వరకే చూడండి. బజారులో చవకగా దొరికే మీటర్లలో ఏసీ రేంజి 200 వోల్టుల దగ్గరే మొదలవుతుంది. వాటిలో కడ్డీలు ఒక సెంటీమీటరు ఎడంలో పెడితే చివరి అంకె కదిలీ కదలనట్టుంటుంది, అందుకే నాలుగు సెంటీమీటర్లు. ట్రాన్స్‌ఫార్మరు లేకుండా గోడ ప్లగ్గు నుంచి నేరుగా తీగలు లాగే సాహసం మాత్రం ఎవరూ చేయవద్దు.

ఇప్పుడు దీనికి ఎదురు సందర్భం. రెండు ఆవేశాలూ +4 నానోకూలంబులే అయితే నడుమ పొటెన్షియల్ 720 వోల్టులు, క్షేత్రం మాత్రం సున్నా. ఎడమకు ఒక సెంటీమీటరు జరిగినా, కుడికి జరిగినా 727.3 వోల్టులే. రెండు పక్కలా సమానంగా పెరిగింది కాబట్టి ఆ బిందువులో వాలు లేదు. గీతకు లంబంగా ఒక సెంటీమీటరు జరిగితే 716.4 వోల్టులకు తగ్గుతుంది. మా వైపు రెండు కొండల నడుమనుండే కనుమ సరిగ్గా ఇలాగే ఉంటుంది, కొండల వైపు ఎక్కుడు, దారి వెంట అటూ ఇటూ దిగుడు, కనుమ నడినెత్తిన మాత్రం చదును. కనుక అక్కడ ఉంచిన ధనావేశం మీద బలం లేకపోయినా అది నిలకడగా ఉండదు, వెంట్రుకవాసి పక్కకు జరిగితే చాలు, జారిపోతుంది. గీత వెంట పెరిగినది 7.3 వోల్టులు, దానికి లంబంగా ఉన్న రెండు దిశల్లో తగ్గినది 3.6 చొప్పున కలిపి సుమారు 7.2 వోల్టులు. అడుగు చిన్నదైతే ఈ రెండూ సమానమవుతాయి. ఆవేశం లేని ఖాళీ చోట పొటెన్షియల్ అన్ని దిశల్లోనూ ఒకేసారి పెరగడం సాధ్యం కాదు. స్థిరావేశాలను ఎలా అమర్చినా వాటి క్షేత్రం ఒక్కటే ఇంకో ఆవేశాన్ని గాలిలో స్థిరంగా నిలపజాలదని ఆంగ్ల గణితవేత్త ఎర్న్‌షా 1842లో ప్రచురించిన సిద్ధాంతం దీని మీదే నిలిచింది.

ఇక పొటెన్షియల్ సున్నా అన్న సమాచారం దేనికి పనికొస్తుందంటే, శక్తి లెక్కకు. మీ ప్లస్, మైనస్ అమరికలోనే నడిమి బిందువుకు +1 నానోకూలంబు ఆవేశాన్ని అనంత దూరం నుంచి తెచ్చామనుకోండి. చేసిన నికర పని సున్నా. లంబ సమద్విఖండన రేఖ వెంట తెస్తే దారి పొడవునా బలం దారికి అడ్డంగానే ఉంటుంది కాబట్టి ఏ అడుగులోనూ పని జరగదు. వేరే దారిలో తెచ్చినా మొత్తం అదే. కానీ చేరాక వదిలితే దాని మీద 7.2 మైక్రోన్యూటన్ల బలం పనిచేసి, కుడివైపుకు లాక్కుపోతుంది. తేవడానికి పని పట్టలేదు గనుక బలం లేదనడం, మీ సందేహమే వేరే వేషంలో రావడం.

ఆ మూడు ఆవేశాల మొత్తం స్థితిజ శక్తి అడిగితే చాలామంది ప్రతి ఆవేశాన్నీ దాని దగ్గరున్న పొటెన్షియల్‌తో గుణించి కూడేస్తారు. అలా చేస్తే ప్రతి జంటా రెండుసార్లు లెక్కకు వస్తుంది. +4, +4, నడుమ +1 ఉన్న అమరికలో ఆ కూడిక 28.8×10⁻⁷ జౌళ్లు అవుతుంది. జంటలవారీగా చేస్తే రెండు పెద్ద ఆవేశాల మధ్య 7.2×10⁻⁷, మధ్య ఆవేశాన్ని తెచ్చినందుకు మరో 7.2×10⁻⁷, మొత్తం 14.4×10⁻⁷ జౌళ్లు, అంటే సరిగ్గా సగం. మొదటి అమరికలో, అంటే +4, −4, నడుమ +1 ఉన్నప్పుడు, మొత్తం −7.2×10⁻⁷ జౌళ్లే. నడిమి ఆవేశం దానికి కలిపిందీ లేదు, తీసిందీ లేదు.

ఈసారి పరీక్షలో మిమ్మల్ని ఇరికించడానికి ఆవేశాలను అసమానంగా ఇస్తారు. +4, −1 నానోకూలంబులను అదే 20 సెంటీమీటర్ల దూరంలో పెట్టి చూడండి. వాటిని కలిపే గీత మీద పొటెన్షియల్ రెండు చోట్ల సున్నా అవుతుంది, చిన్న ఆవేశానికి లోపలివైపు 4 సెంటీమీటర్ల దగ్గర ఒకటి, బయటివైపు సుమారు 6.7 సెంటీమీటర్ల దగ్గర ఇంకొకటి. క్షేత్రం సున్నా అయ్యేది ఈ రెండు చోట్లా కాదు, బయటివైపు 20 సెంటీమీటర్ల దగ్గర. అక్కడ పొటెన్షియల్ 45 వోల్టులు.