షోకాజ్ నోటీసుకు జవాబులో ఏది ఒప్పుకోవాలి, ఎంతవరకు ఒప్పుకోవాలి?

ప్రశ్న: గోడౌన్‌లో స్టాక్ చూసుకునే ఉద్యోగం నాది. వచ్చిన సరుకును సిస్టంలో ఆలస్యంగా ఎంట్రీ చేశానని, లెక్కలో 40 పెట్టెలు తక్కువ వచ్చాయని, ఇదంతా కావాలనే నిర్లక్ష్యం చేశానని షోకాజ్ నోటీసు ఇచ్చారు. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. ఆలస్యం మాత్రం నిజమే. అది ఒప్పుకుంటే మొత్తం నా మెడకే చుట్టుకుంటుందా?

జవాబు: నిజం ఒప్పుకున్నందుకు కాదు, హద్దు గీయకుండా ఒప్పుకున్నందుకు చుట్టుకుంటుంది. మీ జవాబు ఫైలులో ఉండిపోతుంది. రేపు విచారణ పెడితే అధికారి ముందుగా చదివేది దాన్నే. "నా వల్ల పొరపాటు జరిగింది, క్షమించండి" అని ఒక్క ముక్క రాసి ఇస్తే, మూడు ఆరోపణలూ ఒప్పుకున్నారనే చదువుతారు. అదే "ఆరోపణలన్నీ అబద్ధం" అని రాశారనుకోండి, సిస్టంలో ఎంట్రీ తేదీలు చూడగానే మీ మిగతా మాటలకు కూడా విలువ పోతుంది.

కాబట్టి రాయడానికి కూర్చునే ముందు నోటీసును ముక్కలు చేయండి. జరిగిన పని ఏది, దాన్నుంచి వాళ్లు తీసిన అర్థం ఏది అని పెన్సిల్‌తో గీతలు పెట్టుకోండి. ఎంట్రీ ఆలస్యం జరిగిన పని. 40 పెట్టెల తేడా సరిచూడాల్సిన లెక్క. "కావాలనే" అన్నది మీ మనసులో ఏముందో వాళ్లు చేసుకున్న ఊహ. మూడింటికీ మూడు వేర్వేరు పేరాలు ఉండాలి. నోటీసులో నంబర్లు ఉంటే అవే వాడండి. లేకపోతే వాళ్ల మాటల్నే ఉటంకించి, మీరే 1, 2, 3 వేసుకోండి.

మొదటిది ఇలా రాయొచ్చు (తేదీలు ఊహించి వేశాను, మీవి పెట్టుకోండి): "12, 14 తేదీల్లో వచ్చిన రెండు లోడ్లను నేను 14, 16 తేదీల్లో ఎంట్రీ చేశాను. వచ్చిన రోజే చేయాలన్న నియమం నాకు తెలుసు. ఈ ఆలస్యానికి బాధ్యత నాదే." ఇంతే చాలు. "ఆలస్యం జరిగింది" అని రాస్తే తప్పించుకుంటున్నట్టు ఉంటుంది, "చేశాను" అనండి. "అప్పుడప్పుడు ఆలస్యమవుతోంది" అని మాత్రం అస్సలు రాయకండి. రెండు లోడ్ల గురించి అడిగితే మీరే మిగతా రోజుల లెక్కలు కూడా తెరిచినట్టవుతుంది.

కారణం తర్వాతి పేరాలో రావాలి. "ఆలస్యమైంది కానీ పని ఎక్కువగా ఉంది" అని కలిపేస్తే, ఆ "కానీ" ముందున్న ఒప్పుకోలును తుడిచేస్తుంది. చదివేవాళ్లకు సాకులానే వినిపిస్తుంది. విడిగా ఇలా రాయండి: "11 నుంచి 16 వరకు రెండో షిఫ్టు ఉద్యోగి సెలవులో ఉన్నందువల్ల సరుకు దింపించడం, పంపించడం రెండూ నేనే చూశాను. ఈ సంగతి 11న సూపర్‌వైజర్ గారికి ఈమెయిల్‌లో తెలియజేశాను. ప్రతి జతపరిచాను." కారణం నిలబడాలంటే దాన్ని కాగితంతో సరిచూసుకునే వీలుండాలి. ఈమెయిల్ పంపకపోయి ఉంటే "ముందుగా తెలియజేయాల్సింది, తెలియజేయలేదు" అని మీరే రాసేయండి. వాళ్లు ఎలాగూ అడుగుతారు. అప్పుడు చెప్పడం కంటే ఇప్పుడే చెప్పడం మేలు.

ఎక్కువమంది చిక్కుల్లో పడేది రెండో దాని దగ్గరే. ఎంట్రీ ఆలస్యమవడం వల్లే 40 పెట్టెల తేడా వచ్చిందని రాసేయాలనిపిస్తుంది. ఒక్కసారి ఆలోచించండి. సరుకు గోడౌన్‌లోకి వచ్చి, సిస్టంలోకి ఎక్కకపోతే, లెక్కించినప్పుడు పెట్టెలు సిస్టంలో ఉన్నదానికంటే ఎక్కువ కనిపించాలి. తక్కువ కాదు. అంటే ఆ వివరణ తప్పు, పైగా తేడాకు మూలం మీరేనని మీ చేతితోనే రాసిచ్చినట్టవుతుంది. తక్కువ రావడానికి వేరే దారులుంటాయి. చలాన్ లేకుండా సరుకు బయటికి వెళ్లి ఉండొచ్చు, దింపేటప్పుడే లోడు తక్కువగా ఉన్నా ఇన్‌వాయిస్‌లో ఉన్న అంకెనే ఎక్కించి ఉండొచ్చు, లెక్కించినవాళ్లు ఒక వరుస వదిలేసి ఉండొచ్చు. వీటిలో ఏది జరిగిందో కాగితాలు చూడకుండా తేలదు.

తెలియనప్పుడు తెలియదనే రాయాలి: "40 పెట్టెల తేడా ఎలా వచ్చిందో ప్రస్తుతం నాకు తెలియదు. లెక్కింపు షీటు నాకు ఇవ్వలేదు. ఏ రోజు, ఏయే వరుసలు లెక్కించారో, ఎవరు సంతకం చేశారో ఉన్న ఆ షీటు ఇప్పిస్తే, బయటికి వెళ్లిన చలాన్లతో సరిపోల్చి అదనపు జవాబిస్తాను. అప్పటివరకు ఈ ఆరోపణను అంగీకరించలేను." నోటీసులో దొంగతనం మాట లేకపోతే మీరు ఆ మాట ఎత్తకండి. "నేను దొంగను కాదు" అని రాస్తే, ఎవరూ అడగని ప్రశ్నను మీరే ముందు పెట్టినట్టు.

ఆ కాగితాలు నోటీసు అందిన రోజే రాతపూర్వకంగా అడగండి. గడువు కావాలంటే ఫలానా తేదీ వరకు అని స్పష్టంగా, గడువు ముగియకముందే అడగాలి. అడిగినంత మాత్రాన ఇచ్చినట్టు కాదు. సమాధానం రాకపోతే మూడో రోజుకు ఉన్నదాంతోనే జవాబు ఇచ్చేయండి. ఇవ్వకపోతే మీరు చెప్పుకునేదేమీ లేదని రాసుకుని, తమ దగ్గరున్న కాగితాల మీదే నిర్ణయం తీసుకుంటారు.

మూడోదానికి రెండు వాక్యాలు చాలు: "కావాలని చేశానన్న మాటను అంగీకరించడం లేదు. రెండు ఎంట్రీలనూ ఎవరూ గుర్తుచేయకముందే, సరుకు వచ్చిన అసలు తేదీతోనే చేశాను, ఆ వివరాలు సిస్టంలో ఉన్నాయి." ఇది మీ విషయంలో నిజమైతేనే రాయండి. కాకపోతే మొదటి వాక్యం దగ్గరే ఆపేయండి. ఇక్కడ "కక్ష", "అన్యాయం" లాంటి మాటలు చేరితే మీ వాదన బలపడదు, చర్చ మాత్రం మీ స్వభావం మీదికి మళ్లుతుంది. మిగతావాళ్లు కూడా ఆలస్యం చేస్తారని పేర్లు రాయడం కూడా అంతే.

చివర్లో ఇప్పటికే మార్చుకున్నది ఒకటి చెప్పండి. "ఇకపై జాగ్రత్తగా ఉంటాను" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. "17 నుంచి లోడు దింపగానే ఎంట్రీ చేసి, ఆ నంబరును గేటు రిజిస్టర్‌లో రాస్తున్నాను" అంటే వెళ్లి చూసుకోవచ్చు. ఇంతకుముందు నోటీసులేవీ లేకపోతే ఆ మాట ఒక్క లైనులో చేర్చండి.

మొత్తం ఒకటిన్నర పేజీ దాటనివ్వకండి. పైన నోటీసు నంబరు, తేదీ వేసి, ప్రతి పేజీ మీదా సంతకం చేసి, రెండో ప్రతి మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకోండి. వేయనంటే అదే రోజు ఈమెయిల్‌లో పంపండి.

నోటీసులో దొంగతనం, డబ్బు వాడుకోవడం, పోలీసు ఫిర్యాదు లాంటి మాటలు ఎక్కడైనా ఉంటే మాత్రం పైన చెప్పిన ఒప్పుకోలు వాక్యాలు కూడా పంపకండి. ముందు లాయరుకు చూపించండి, యూనియన్ ఉంటే వాళ్లకూ చూపించండి.