అతిమధురంతో రక్తపోటు ఎలా పెరుగుతుంది?

ప్రశ్న: రోజూ అతిమధురం టీ తాగుతున్నాను. బీపీ పెరిగింది, పొటాషియం తగ్గింది. రెండింటికీ ఈ టీయే కారణమా?

కావచ్చు. అతిమధురంలోని గ్లైసిరైజిన్‌ను పేగుల్లోని బాక్టీరియా గ్లైసిరెటినిక్ ఆమ్లంగా మారుస్తుంది. అసలు పని చేసేది ఇదే.

ఉప్పును నిలిపి ఉంచమని మూత్రపిండాలకు చెప్పే హార్మోను ఆల్డోస్టిరాన్. దాని గ్రాహకాలకు ఒత్తిడి హార్మోను కార్టిసాల్ కూడా అతుక్కోగలదు, పైగా రక్తంలో అదే ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకే అక్కడ ఒక ఎంజైము కాపలా ఉండి, కార్టిసాల్‌ను పనిచేయని కార్టిసోన్‌గా మారుస్తుంటుంది. గ్లైసిరెటినిక్ ఆమ్లం ఆ ఎంజైమును అడ్డుకుంటుంది. ఇక కార్టిసాలే ఆల్డోస్టిరాన్ పాత్ర పోషిస్తుంది: సోడియం, నీరు ఒంట్లో నిలిచి బీపీ పెరుగుతుంది, పొటాషియం మూత్రంలో పోతుంది.

రక్తపరీక్షలో దీని ఆనవాలు స్పష్టం. పొటాషియం తక్కువగా ఉండి, మూత్రపిండాలు విడుదల చేసే రెనిన్ అనే ఎంజైముతో పాటు ఆల్డోస్టిరాన్ కూడా తక్కువగా ఉంటే అతిమధురాన్ని తప్పక అనుమానించాలి. అడ్రినల్ గ్రంథిలో కణితి వల్ల అయితే ఆల్డోస్టిరాన్ ఎక్కువగా ఉంటుంది.

టీ ఇప్పుడే ఆపేయండి, వైద్యుడికి ఈ సంగతి తప్పక చెప్పండి. ప్రభావం పూర్తిగా పోవడానికి కొన్ని వారాలు పట్టవచ్చు. బీపీకి మూత్రం ఎక్కువగా పోయించే మాత్రలు వాడుతుంటే పొటాషియం ఇంకా పడిపోవచ్చు. కండరాల నీరసం, గుండెదడ ఉంటే మాత్రం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.